ఆదివారం బయటి పనికి కంపెనీ అనుమతి లేఖ: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, రాజాం వైపు ఫ్యాక్టరీల హెచ్‌ఆర్‌లో పనిచేసే నాలాంటివాళ్ల దగ్గరికి ఈ లేఖలు బాగానే వస్తుంటాయి. అందులో సగం, పని మొదలెట్టేసి ఎవరో చెప్పేస్తారేమోనన్న టెన్షన్‌తో రాసినవే.

అపోహ: "ఆదివారం నాది కదేటి, దానికి వీళ్ల పర్మిషనేటి?"

మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చూడండి. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఉద్యోగం, వృత్తి, వ్యాపారం చేయకూడదనే షరతు చాలావాటిలో ఉంటుంది, అందులో "పని వేళల్లో" అన్న మాట సాధారణంగా ఉండదు, అంటే ఆదివారం కూడా దాని కిందికే వస్తుంది. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇలాంటి షరతు చెల్లదని కొందరు వాదిస్తారు. ఉద్యోగం మానేశాక పెట్టే ఆంక్షల సంగతి వేరు. ఉద్యోగంలో ఉన్నప్పటి ఆంక్షను మాత్రం మామూలుగా ఆ సెక్షన్ కొట్టేయదని 1967లోనే గోలికారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. (ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి వేరే ఉంది, ఇక్కడ చెప్పేది ప్రైవేటువాళ్లకే.)

అపోహ: ఇంటి ఇబ్బందులు రాస్తే జాలిపడి ఒప్పుకుంటారు

"జీతం చాలడం లేదు, పిల్లల ఫీజులు" అని రాసిన లేఖను మేం జీతం పెంచమన్న అర్జీగా చదువుతాం, తీసి పక్కన పెడతాం. సంతకం పెట్టే మనిషికి కావలసినవి మూడే: మా సమాచారం బయటికి పోతుందా, మా పని దెబ్బతింటుందా, రేపు గొడవైతే మా మీదికి వస్తుందా. లేఖ వీటికే జవాబు చెప్పాలి.

ఒక ఉదాహరణ అనుకుందాం. జూట్ మిల్లులో అకౌంట్స్ అసిస్టెంటు, పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి ట్యాలీలో లెక్కలు రాయాలనుకుంటున్నాడు. "వీకెండ్‌లో ఫ్రీలాన్స్ చేసుకుంటాను" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. మిల్లుకి శనివారం పనిదినమే, కాబట్టి "నా వారపు సెలవు రోజున" అని రాయాలి. ఇంకో చిక్కు ఉంది, దీన్ని దాదాపు ఎవరూ ముందు ఆలోచించరు. నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసే వ్యాపారికి జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బి గడువు 20వ తేదీ, అవి ఆదివారమే రావు కదా. మంగళవారం మధ్యాహ్నం పలాస నుంచి ఫోనొస్తుంది, మనవాడు సీట్లోంచి లేచి వరండాలోకి వెళ్తాడు, ఫిర్యాదు అక్కడే పుడుతుంది. అందుకే లేఖ ఇలా ఉండాలి:

"నా అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోని 9వ షరతు ప్రకారం అనుమతి కోరుతున్నాను. పలాసలోని ఫలానా వ్యాపారికి కొనుగోలు, అమ్మకం బిల్లులు ట్యాలీలో ఎక్కించి, జీఎస్టీ లెక్క సిద్ధం చేసే పని ఇది. వారపు సెలవు రోజున, రిటర్ను గడువు ముందు రెండు రోజులు డ్యూటీ దిగాక రాత్రి 7 తర్వాత, ఇంటి దగ్గర సొంత కంప్యూటర్‌లో చేస్తాను. ఆ వ్యాపారికి మన మిల్లుతో గోనె సంచుల కొనుగోలు గానీ, ఇతర లావాదేవీ గానీ లేదు. మిల్లు సమాచారం, సాఫ్ట్‌వేర్, పేరు వాడను. స్టాక్ లెక్కింపుకో, ఆడిట్‌కో సెలవు రోజున పిలిస్తే మిల్లు పనికే ముందు వస్తాను. దయచేసి రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు."

ఆఫీసులో ఇంగ్లీషే నడిస్తే ఇదే విషయం ఇంగ్లీషులో పెట్టండి, అర పేజీ దాటనివ్వకండి. షరతు నంబరు మీ ఆర్డర్‌లో ఏది ఉంటే అది వేయండి. వ్యాపారి పేరు దాచారంటే అనుమానం అక్కడే మొదలవుతుంది. గోనె సంచులు ఆయన మన దగ్గరే కొంటున్నాడనుకోండి, అదీ రాసేయండి. అనుమతి రాకపోవచ్చు, కానీ తర్వాత బయటపడితే ఉద్యోగానికే ఎసరు.

అపోహ: "మేనేజర్ గారు సరే అన్నారు, హెచ్‌ఆర్ నుంచి జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టే"

కాదు. షరతులో "రాతపూర్వక" అని ఉంటే నోటిమాట పనికిరాదు, మౌనం అసలే పనికిరాదు. ఆ మేనేజర్ బదిలీ అయిపోతే ఆ "సరే" కూడా ఆయనతోనే పోతుంది. సెక్షన్ హెడ్ ద్వారా హెచ్‌ఆర్‌కి పంపండి, మీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. రెండు వారాలు చూసి, పాత లేఖ తేదీ చెబుతూ రెండు లైన్ల మెయిల్ పెట్టండి, రాతపూర్వక అనుమతి చేతికి వచ్చేదాకా పని మొదలెట్టకండి. జవాబు వచ్చాక, ఇచ్చినవారికి ఆ అధికారం ఉందో లేదో చూసుకోండి. "పరిశీలిస్తాం" అనే కాగితం అనుమతి కాదు, దాన్ని పట్టుకుని సంబరపడిపోయేవాళ్లు ఉన్నారు.

అపోహ: ఒకసారి ఇచ్చారంటే ఇక ఎప్పటికీ ఉన్నట్టే

పలాస వ్యాపారికి తీసుకున్న అనుమతి రేపు శ్రీకాకుళంలో ఇంకో షాపు లెక్కలకు సరిపోదు. అకౌంట్స్ నుంచి పర్చేజ్‌కి మారినా మళ్లీ అడగాలి, ఎందుకంటే అప్పుడు మీ చేతికి వచ్చే రేట్లు, సప్లయర్ల పేర్లు వేరు.