3.28, 10.76, 35.3: ఇసుక లెక్క ఎక్కడ తప్పిందో చెప్పే అంకెలు

ఇంటి పనికి ఇసుక లెక్క కట్టేటప్పుడు అడుగులూ మీటర్లూ కలగలిసిపోతే తప్పు ఎంతైనా రావచ్చనుకుంటాం. కానీ అది దాదాపు ఎప్పుడూ మూడు అంకెల్లో ఒకటిగానే బయటపడుతుంది. మీటరుకు 3.28 అడుగులు, చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు, ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు. కావలసినదానికీ కాగితం మీద ఉన్నదానికీ మధ్య నిష్పత్తి వీటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే, పొరపాటు ఏ గడిలో జరిగిందో చెప్పేయవచ్చు. నెల్లూరు జిల్లాలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు వచ్చిన ఒక సివిల్ డిప్లొమా విద్యార్థి వేసిన మొదటి ఎస్టిమేట్ దీనికి చక్కని ఉదాహరణ. ఒకే అంకె అతన్ని రెండుసార్లు, రెండు వైపులకూ తప్పు దారి పట్టించింది.

స్థలం 20 అంకణాలు. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు కాబట్టి మొత్తం 1,440. ప్లాను మీద 36 అడుగులు, 40 అడుగులు అని ఉంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా, ఇళ్ల స్థలాలూ ప్లాన్లూ మేస్త్రీల కూలి లెక్కలూ ఇక్కడ ఇంకా అడుగుల్లోనే నడుస్తున్నాయి. పాలిటెక్నిక్‌లో నేర్పే లెక్కలూ, ప్రభుత్వ రేట్ల పట్టికలూ మాత్రం మీటర్లలో ఉంటాయి. పూత మందం ఎప్పుడూ మిల్లీమీటర్లలోనే రాస్తారు. కాబట్టి ప్లాస్టరింగ్ లెక్కలో రెండు పద్ధతులూ ఒకే వరుసలోకి వచ్చి పడతాయి.

ఆ విద్యార్థికి అప్పగించింది ఇంటి లోపలి గోడల పూత. తలుపులు, కిటికీలు తీసేయగా గోడల వైశాల్యం 2,800 చదరపు అడుగులు. పూత మందం 12 మిల్లీమీటర్లు, సిమెంటు ఒక పాలు, ఇసుక ఐదు పాళ్లు. ఎక్సెల్ షీట్‌లో పొడవు, ఎత్తు గడుల్లో ప్లాను చూసి అడుగులు వేశాడు. మందం గడిలో, క్లాసులో అలవాటైనట్టు, 12 మిల్లీమీటర్లను 0.012 అని రాశాడు. గుణిస్తే 33.6 వచ్చింది. షీట్‌లో పరిమాణం గడి పైన ముందుగానే ఘనపు మీటర్లు అని ఉంది.

ఇక్కడి నుంచి అతను చేసిన ప్రతి మెట్టూ సరైనదే. ఇటుక గోడ సందుల్లోకి దిగే మాలుకూ, ఎగుడుదిగుళ్లకూ కలిపి 20 శాతం వేస్తే 40.3 అయింది. పొడిగా ఉన్న సిమెంటు, ఇసుక నీళ్లతో కలిశాక గింజల మధ్య ఖాళీలు నిండి పరిమాణం సుమారు పావు వంతు తగ్గుతుంది. అందుకని తడి మాలు లెక్కను 1.33తో హెచ్చించి పొడి లెక్క చేస్తారు. అప్పుడు 53.6. అందులో ఆరింట ఐదు పాళ్లు ఇసుక: 44.7. ఘనపు మీటరు ఇసుక సుమారు 1.6 టన్నులు తూగుతుంది కాబట్టి ఆర్డర్ 72 టన్నులు అని రాశాడు.

ఆ కాగితం చూసిన బేల్దారి మేస్త్రి అడిగింది ఒక్కటే. "ఏందబ్బయా ఇది, నాలుగు పెద్ద టిప్పర్ల ఇసుక. యాడ దింపిద్దామని?" 44.7 ఘనపు మీటర్లంటే దాదాపు 1,580 ఘనపు అడుగులు. అంత ఇసుకను ఆ 20 అంకణాల స్థలమంతా పరిస్తే అడుగు మందానికి పైనే వస్తుంది. పూత పనికి అంత ఇసుక పట్టదని ఎవరికైనా తెలుస్తుంది. సిమెంటు కూడా అదే లెక్కన 257 బస్తాలు చూపించేది. అయితే దాన్ని ఊళ్లో కొట్టు నుంచి అవసరమైనప్పుడల్లా తెచ్చుకుంటున్నారు కాబట్టి ఆ లెక్క వైపు ఎవరూ చూడలేదు.

రెండో తప్పు ఇక్కడే జరిగింది, అసలు ప్రమాదకరమైనది ఇదే. విద్యార్థి షీట్ మళ్లీ చూసి, "కొలతలు అడుగుల్లో వేశాను గదా, ఇవి ఘనపు అడుగులన్న మాట" అని గడి పైన పేరు మాత్రం మార్చాడు. అంకె అదే 44.7. వంద ఘనపు అడుగులు ఒక యూనిట్, మామూలు ట్రాక్టర్ తొట్టి సుమారు ఒక యూనిట్ పడుతుంది కాబట్టి అర ట్రాక్టర్ ఇసుక సరిపోతుందని తేల్చాడు. టిప్పర్ల మాట విన్న తర్వాత అర ట్రాక్టర్ అంటే అందరికీ నమ్మదగ్గదిగానే అనిపించింది. ఇసుక వచ్చింది, పని మొదలైంది, రెండు గదులు పూర్తయ్యేసరికి కుప్ప అయిపోయింది.

33.6 అనే అంకె ఘనపు మీటర్లూ కాదు, ఘనపు అడుగులూ కాదు. చదరపు అడుగును మీటరుతో గుణిస్తే వచ్చేది ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, మీటరు ఎత్తు ఉండే దిమ్మె. అలాంటి దిమ్మెలు 33.6 ఉన్నాయని ఆ లెక్కకు అర్థం. ఒక్కో దిమ్మెలో 3.28 ఘనపు అడుగులు పడతాయి. దాన్ని ఒక ఘనపు అడుగు అనుకుంటే ఇసుక 3.28 రెట్లు తక్కువ పడుతుంది. ఘనపు మీటరు అనుకుంటే 10.76 రెట్లు ఎక్కువవుతుంది, ఎందుకంటే ఘనపు మీటరులో అలాంటి దిమ్మెలు 10.76 ఉంటాయి. గడి పైన ఏ పేరు రాసినా ఆ అంకె సరైనది కాలేదు. మందాన్ని మార్చాల్సిన చోట పేరును మార్చడమే రెండో తప్పుకు మూలం.

ఇసుక అయిపోగానే మొదట వచ్చిన అనుమానం ట్రాక్టర్ వాళ్ల మీద. తొట్టి నిండుగా లేదేమో, జల్లెడ పడితే గులకరాళ్లు ఎక్కువ పోయాయేమో అనుకున్నారు. అలాంటి లోట్లు నిజంగానే ఉంటాయి, కానీ వాటికో హద్దు ఉంది. ఈ సందేహాన్ని తీర్చింది పూర్తయిన గోడల కొలత. దాదాపు 850 చదరపు అడుగుల పూత అయింది. 2,800ను 850తో భాగిస్తే 3.29. జల్లెడలో పోయేది, తొట్టిలో తగ్గేది పదో వంతో ఐదో వంతో ఉంటుంది. ఇసుక మూడింట ఒక వంతే వచ్చిందంటే, అదీ 3.28కి ఇంత దగ్గరగా ఉందంటే, మూడు కొలతల్లో ఒక్కటి మీటర్లలో ఉండిపోయిందన్న మాట. పొడవు, ఎత్తు ప్లానులోని అడుగులే కాబట్టి మిగిలింది మందం గడి.

సరైన లెక్క ఇది. 12 మిల్లీమీటర్లను 304.8తో భాగిస్తే 0.0394 అడుగులు. 2,800తో గుణిస్తే 110 ఘనపు అడుగులు. 20 శాతం కలిపితే 132, పొడి లెక్కకు 1.33తో హెచ్చిస్తే 176. ఇసుక సుమారు 147 ఘనపు అడుగులు, అంటే యూనిట్‌న్నర. సిమెంటు 29 ఘనపు అడుగులు, బస్తా 1.226 ఘనపు అడుగులు కాబట్టి 24 బస్తాలు. అంతా మీటర్లలో చేసినా ఇదే రావాలి: 260 చదరపు మీటర్లు, 0.012 మీటర్ల మందం, చివరికి ఇసుక 4.15 ఘనపు మీటర్లు, దాదాపు 6.6 టన్నులు. ఒకసారి అడుగుల్లో, ఒకసారి మీటర్లలో చేసి రెండూ కలుస్తున్నాయో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

షీట్‌లో మందాన్ని చేత్తో మార్చి వేయకుండా, మిల్లీమీటర్లకు విడిగా ఒక గడి ఉంచి, పక్క గడిలో సూత్రం పెట్టడం మేలు. మిల్లీమీటర్లు E5లో ఉంటే F5లో ఇలా రాయాలి:

```
=E5/304.8
```

పొడవు, ఎత్తు, మందం గడుల తలమీద "అడుగులు" అని ఒక్కోదానికీ విడివిడిగా రాయాలి. చివరి గడి పైన మాత్రమే కొలత పేరు ఉండే షీట్‌లో ఈ తప్పు దొరకదు.

సైటులో కాగితం లేకుండా సరిచూసుకునే దారి ఒకటుంది. 12 మిల్లీమీటర్లు అంటే ఇంచుమించు అర అంగుళం. అడుగుకు 24 అర అంగుళాలు. కాబట్టి 24 చదరపు అడుగుల పూత ఒక ఘనపు అడుగు మాలు. 2,800ను 24తో భాగిస్తే 117. 110కి అది దగ్గరే. 33.6 అని చూపించిన షీట్ ఇక్కడే దొరికిపోయేది. మేస్త్రీలు సిమెంటు వైపు నుంచి చూస్తారు. ఈ పాళ్లకు, ఈ మందానికి బస్తాకు 110 నుంచి 120 చదరపు అడుగులు లేస్తుంది. ఘనపు అడుగుల పేరుతో చూస్తే విద్యార్థి లెక్కలో సిమెంటు ఏడు బస్తాల చిల్లరే. అంటే బస్తాకు 380 అడుగులు పైన, ఏ మేస్త్రీ ఒప్పుకోని మాట.

మూడు అంకెల్లో 35.3 అంత భయపెట్టేది కాదు. అన్ని కొలతలూ అడుగుల్లో వేసి ఘనపు మీటర్లని రాస్తే అది వస్తుంది, కానీ అంత పెద్ద తేడా లారీ మాట్లాడేటప్పుడే తెలిసిపోతుంది. 10.76 కూడా సాధారణంగా ఆర్డర్ దాటదు. 3.28 మాత్రం అనుమానం రానివ్వదు. అర ట్రాక్టరైనా, యూనిట్‌న్నర అయినా చిన్న ఇంటి పనిలో వినడానికి మామూలు పరిమాణాలే.

మిగిలిన పనికి 147లోంచి 45 తీసేస్తే 102 ఘనపు అడుగుల ఇసుక కావాలి. మొదటి కుప్ప ఎండాకాలంలో బాగా ఆరిన ఇసుక. ఈసారి పెన్నా నుంచి తీసిన తడి ఇసుక వస్తోంది. ఐదు శాతం తేమ ఉన్న ఇసుకలో గింజల చుట్టూ నీటి పొర ఏర్పడి ఒకదాన్నొకటి ఎడంగా నెడతాయి. సన్న ఇసుకైతే పరిమాణం పాతిక శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ఎంత ఉబ్బిందో చూడటానికి నిటారు గోడలున్న గాజు గ్లాసులో తడి ఇసుకను వదులుగా పోసి ఎత్తు కొలవాలి, తర్వాత పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి కలియబెట్టి, పేరుకున్నాక మళ్లీ కొలవాలి. 10 సెంటీమీటర్లు ఉన్నది 8కి దిగితే రెండు సెంటీమీటర్ల తేడాను 8తో భాగించాలి: 25 శాతం. అప్పుడు 102కు బదులు 127 ఘనపు అడుగులు దింపించుకోవాలి, అంటే ఒక ట్రాక్టరు, దాని మీద పావు. టన్నుల్లో కొంటే ఉబ్బు లెక్కలోకి రాదు. 102 ఘనపు అడుగులు 4.6 టన్నులు, తేమ బరువుకు ఐదు శాతం కలిపి 4.9 టన్నులు రాస్తే సరిపోతుంది.