అగ్రిమెంట్‌లో ఆరో పాయింటు గురించి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ, బన్నీ,

మీరు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంట్ డ్రాఫ్ట్ రాత్రి కూర్చుని మొత్తం చదివానమ్మా. అద్దె 20 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది 40 వేలు, 11 నెలలు, ఇవన్నీ మామూలుగా ఉండేవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నాకు నచ్చనిది ఆరో పాయింటు. "మెయింటెనెన్స్, కరెంట్, నీళ్ళ బిల్లులు, మైనర్ రిపేర్లు అన్నీ టెనెంటే భరించాలి" అని ఒక్క లైనులో తేల్చేశారు. ఓనర్ గారు మంచివారిలాగే ఉన్నారు అన్నావు బన్నీ, నిజంగానే అయ్యుంటారు, ఆ లైను ఆయన కావాలని పెట్టింది కాకపోవచ్చు, డాక్యుమెంట్ రైటర్ల కంప్యూటర్లలో ఎప్పట్నుంచో ఉండే లైను అది, పేర్లు మార్చి ప్రింట్ తీసిస్తారు. కానీ ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్స్‌లోంచి ఎంత పట్టుకోవాలనేది ఆ లైనే చెప్తుంది, అందుకే సంతకం పెట్టకముందే దాన్ని విడగొట్టి రాయించుకోండి.

ముందు మెయింటెనెన్స్ సంగతి. మీ అపార్ట్‌మెంట్‌లో నెలకి 2,500 అన్నారు కదా. వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ సర్వీసింగ్, కామన్ కరెంటు, ట్యాంకర్ నీళ్ళు, చెత్త, ఇవి మీరు వాడుకునేవి కాబట్టి మీరే కట్టాలి, అందులో పేచీ లేదు. పేచీ ఎక్కడొస్తుందంటే అసోసియేషన్ వాళ్ళు ఒక్కసారిగా వసూలు చేసే డబ్బుల దగ్గర. మా అపార్ట్‌మెంట్‌లో ఒక వేసవిలో బోరు ఎండిపోయి కొత్త బోరు వేయించాలని ఫ్లాట్‌కి 15 వేలు వేశారు, కింది ఫ్లాట్‌లో అద్దెకున్న అమ్మాయిని "మెయింటెనెన్స్ నీదే అని రాసి ఉంది కదా" అని ఓనర్ అడిగితే ఆ అమ్మాయి ఏం చెప్పాలో తెలియక నా దగ్గరకొచ్చి ఏడ్చింది. కొత్త బోరు, లిఫ్ట్ మార్చడం, బిల్డింగ్‌కి బయట పెయింటింగ్, పెద్ద ఖర్చుల కోసం అసోసియేషన్ దాచిపెట్టే కార్పస్ ఫండ్, ఇవన్నీ ఆస్తి విలువ పెంచే ఖర్చులు, మీరు 11 నెలలకి వెళ్ళిపోతారు, ఆ బోరు ఓనర్‌కే ఉంటుంది. అందుకని ఇలా రాయించండి:

"అసోసియేషన్ నెలనెలా తీసుకునే మెయింటెనెన్స్ (ఈ తేదీకి 2,500 రూపాయలు) టెనెంట్ కట్టాలి. కార్పస్ ఫండ్, బోరు, లిఫ్ట్, పెయింటింగ్ లాంటి ఒకసారి వసూలు చేసే మొత్తాలు, ఇంటి పన్ను, తాళాలు ఇచ్చిన తేదీకి ముందున్న బాకీలు ఓనర్ కట్టాలి."

ఆ 2,500 అంకె వేయడం ఎందుకంటే, మధ్యలో పెరిగితే ఎంత నుంచి ఎంతకి పెరిగిందో అసోసియేషన్ రసీదు చూసి తెలుస్తుంది. డబ్బు ఓనర్‌కి కాకుండా నేరుగా అసోసియేషన్‌కి కట్టి రసీదు మీ పేరు మీద తీసుకోగలిగితే ఇంకా మంచిది.

ఇక రిపేర్లు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే గొడవలన్నీ "మైనర్" అనే ఆ మాటలోనే ఉన్నాయి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకున్నప్పుడు బాత్రూమ్ గోడ లోపల పైపు లీకయ్యి కింది వాళ్ళ సీలింగ్ అంతా చెమ్మ పట్టింది, ఓనర్‌కి చెప్తే "ప్లంబింగ్ అంటే మైనరే కదమ్మా" అన్నారు, కింది వాళ్ళు రోజూ వచ్చి తలుపు కొడుతుంటే ఆగలేక మేమే టైల్స్ పగలగొట్టించి 8,500 పెట్టి చేయించాం, ఖాళీ చేసేటప్పుడు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. మా అగ్రిమెంట్‌లోనూ సరిగ్గా మీ లైనే ఉంది.

అప్పట్లో నాకు తెలియని విషయం ఒకటి చెప్తాను. ఆస్తి బదిలీ చట్టం అని 1882 నాటిది ఉంది, దాంట్లో 108వ సెక్షన్ ఓనర్‌కి, టెనెంట్‌కి ఎవరి బాధ్యతలేంటో చెప్తుంది. ఓనర్ చేయించాల్సిన రిపేరు నోటీసు ఇచ్చాక కూడా తగినంత టైములో చేయించకపోతే టెనెంటే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు అని అందులో ఉంది. బావుంది కదా అనిపిస్తుంది, కానీ అక్కడున్న మాట చూడండి, "ఓనర్ చేయించాల్సిన" రిపేరు. ఏది ఓనర్ చేయించాలో అగ్రిమెంట్‌లో రాసుకోకపోతే ఆ హక్కుకి పట్టు దొరకదు, పైగా అగ్రిమెంట్‌లో వేరేగా ఒప్పుకుంటే ఆ సెక్షన్ కంటే ఒప్పుకున్న మాటే ముందు నిలబడుతుంది. కాబట్టి ఓనర్ వంతు ఏమేంటో పేరుపేరునా రాయించడమే మీ రక్షణ.

ఏది ఎవరిదో మనమే కొత్తగా ఆలోచించక్కర్లేదు. కేంద్రం 2021లో మోడల్ టెనెన్సీ యాక్ట్ అని ఒక నమూనా తెచ్చింది, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది, కాబట్టి అది చూపించి ఇది నా హక్కు అని అడగలేం. కానీ దాని రెండో షెడ్యూల్‌లో పంపకం చేసి పెట్టారు, అది మన కాగితం మీద రాసుకుంటే మన ఒప్పందం అయిపోతుంది. దాని ప్రకారం గోడలు, స్లాబు లాంటి కట్టడం రిపేర్లు, గోడలకి సున్నం, తలుపులకి కిటికీలకి పెయింట్, పైపులు మార్చడం, కరెంటు వైరింగ్ ఓనర్‌వి. ట్యాపులు, వాటి వాషర్లు, డ్రైనేజీ క్లీనింగ్, వాష్‌బేసిన్, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, దోమల జాలీలు, కిటికీ అద్దాలు, గీజర్ రిపేరు టెనెంట్‌వి. పెయింట్ విషయం గుర్తుపెట్టుకోండి, మన దగ్గర ఖాళీ చేసేటప్పుడు పెయింట్‌కని ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది, మీ డ్రాఫ్ట్‌లో దాని గురించి ఏమీ లేదు, లేకపోవడం అంటే పట్టుకోరని కాదు, కాబట్టి పట్టుకుంటారా, ఎంత, అనేది ఇప్పుడే అడిగి రాయించండి.

ఆ షెడ్యూల్‌లో నాకు తక్కువనిపించింది గీజర్. "గీజర్ రిపేరు" అని ఉంది కానీ గీజర్ మొత్తం పోతే అనేది పేరు పెట్టి లేదు. మీ ఫ్లాట్‌లో బోరు నీళ్ళు, ఉప్పు ఎక్కువగా ఉంటే హీటింగ్ ఎలిమెంట్ మీద తెల్లగా పెచ్చు కట్టి ఎలిమెంట్ మాడిపోతుంది, అది మార్చడం రిపేరు, మీరు పెట్టుకోండి. కానీ ఏళ్ళ తరబడి వాడిన గీజర్‌కి లోపల ట్యాంకే తుప్పుపట్టి కారితే కొత్తది కొనాల్సిందే, అది మీరు చేసిన పాడు కాదు. ఎలా తెలుస్తుందంటే, నీళ్ళు వేడెక్కకపోతే ఎక్కువసార్లు ఎలిమెంటో థర్మోస్టాటో పోయినట్టు, పైపుల జాయింట్లన్నీ పొడిగానే ఉండి గీజర్ బాడీ కింద నుంచి చుక్కలు పడుతుంటే చాలావరకు ట్యాంకు పోయినట్టు. ఏసీ ఉన్నా ఇదే లెక్క, సర్వీసింగ్ మీది, కంప్రెసర్ ఓనర్‌ది.

ఇప్పుడు లిమిట్ పెట్టుకోవాలి. ఊరికే "1,000 లోపు టెనెంట్, పైన ఓనర్" అని రాస్తే 1,400 బిల్లు వచ్చినప్పుడు ఓనర్ మొత్తం 1,400 ఇవ్వాలా, పైనున్న 400 ఇవ్వాలా అని మళ్ళీ మొదలవుతుంది, నేను ఓనర్‌గా ఉన్నప్పుడు నాకూ మా టెనెంట్‌కీ ఇదే వచ్చింది, చివరికి సగం సగం వేసుకున్నాం. అందుకని పూర్తిగా రాయండి:

"వాడకం వల్ల వచ్చే రిపేరు, సామాను కూలీ కలిపి ఒక్కోసారికి 1,000 రూపాయల వరకు టెనెంట్‌ది. అంతకు మించితే, టెనెంట్ నిర్లక్ష్యం వల్ల కాకపోతే, మొత్తం ఓనర్‌ది. గోడ లోపలి పైపులు, వైరింగ్, చెమ్మ, స్లాబు లీకు, పాతబడిన గీజర్ లేదా మోటారు మార్చడం ఎంతైనా ఓనర్‌దే. టెనెంట్ నిర్లక్ష్యంతో పాడైంది ఎంతైనా టెనెంట్‌దే. వాట్సాప్‌లో తెలియజేసిన 7 రోజుల్లో (నీళ్ళు, కరెంటు ఆగిపోతే 48 గంటల్లో) ఓనర్ చేయించకపోతే టెనెంట్ చేయించి, బిల్లు చూపించి, వచ్చే నెల అద్దెలోంచి మినహాయించుకోవచ్చు."

ఇది ఎలా పనిచేస్తుందో మా దిల్‌సుఖ్‌నగర్ పైపు మీదే వేసి చూడండి. 3వ తారీఖు చెమ్మ కనిపించింది, అదే రోజు ఫోటో తీసి ఓనర్‌కి మెసేజ్, "గోడ లోపలి పైపు లీకు, 10వ తారీఖు లోపు చేయించండి" అని తేదీ వేసి మరీ. 10 దాటింది, జవాబు లేదు, ప్లంబర్‌తో అంచనా రాయించి అది కూడా పంపి, 11న పని చేయించి 8,500కి సంతకంతో బిల్లు తీసుకున్నాం అనుకోండి, వచ్చే నెల 20,000కి బదులు 11,500 వేసి బిల్లు ఫోటో జత చేస్తాం. ఇందులో ఒక్క మెసేజ్ లేకపోయినా, ఫోన్‌లో మాత్రమే చెప్పినా, అది అద్దె ఎగ్గొట్టినట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో మాట్లాడినా సరే, తర్వాత "ఇప్పుడు మాట్లాడుకున్నట్టు" అని రెండు లైన్లు రాసి పంపండి.

బిల్లుల్లో పెద్దగా చెప్పేది లేదు. కరెంటు మీటరు ఓనర్ పేరు మీదే ఉంటుంది, దాని యూఎస్‌సీ నంబర్, అంటే ఆ కనెక్షన్ నంబర్, అగ్రిమెంట్‌లో రాయించండి, తాళాలు తీసుకున్న రోజు మీటర్ మీద kWh అని చూపించే అంకె ఫోటో తీసి ఆ అంకె కూడా రాయించండి, ఖాళీ చేసే రోజు మళ్ళీ అలాగే. మొదటి బిల్లులో పాతవాళ్ళ యూనిట్లు కలిసి వస్తాయి, 210 యూనిట్లలో 140 మీరు రాకముందువే అయితే బిల్లులో మూడో వంతే మీది, "యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవాలి" అని ఒక ముక్క ఉంటే చాలు. ఇంకొకటి, బిల్లులో ఒక్కోసారి ఏసీడీ అని అదనపు డిపాజిట్ వేస్తారు, అది వాడకం ఖర్చు కాదు, కనెక్షన్ ఖాతాలో ఉండిపోయే డిపాజిట్, మీరు వెళ్ళిపోయినా ఓనర్ పేరు మీదే ఉంటుంది. "మీరు ఎక్కువ వాడారు కాబట్టే వేశారు" అని ఓనర్ అంటే అందులో న్యాయం లేకపోలేదు, అప్పుడు మీరు కట్టి, కట్టినంత మీ అడ్వాన్స్‌కి కలిపినట్టు రాయించుకోండి, ఇద్దరికీ సరిపోతుంది.

ఈ ఆదివారం ఓనర్ గారిని కలుస్తున్నారు కదా, పాత ఆరో పాయింటు తీసేసి ఇవి పెట్టమనండి, పాతది అలాగే ఉంచి కింద ఇవి కలిపితే రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఆయన 1,000 లిమిట్ తక్కువ అంటే 1,500కి ఒప్పుకోండి పర్లేదు, కానీ గోడ లోపలి పైపులు, 7 రోజుల గడువు మాత్రం వదలొద్దు. వెళ్ళినప్పుడు గీజర్ మీద తయారీ సంవత్సరం ఉన్న స్టిక్కర్ ఉంటుంది, అది, బాత్రూమ్ గోడలు, సింక్ కింద పైపులు, అన్నీ ఫోటోలు తీసి ఆయనకీ నాకూ అదే రోజు పంపించండి.

మీ పెద్దమ్మ