తొలి చూలులో మలేరియా ఎందుకు తిరగబెడుతుంది? మూడు మాత్రల వెనుక చరిత్ర

మలేరియా ఏడాది పొడవునా ఉండే ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్లకు పెద్దయ్యాక ఆ జ్వరం అంతగా రాదు. పసితనంలో పదేపదే వచ్చి, బతికి బట్టకట్టిన పిల్లల ఒంట్లో కొంత నిరోధక శక్తి మిగులుతుంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి రక్తంలో పరాన్నజీవి ఉన్నా మనిషి మంచం పట్టకుండా తిరుగుతుంటారు. అలాంటి చోట ఒక యువతి మొదటిసారి గర్భం దాల్చగానే ఆ రక్షణ ఒక్కసారిగా సడలుతుంది. రెండో గర్భానికి అది కొంత తిరిగొస్తుంది, మూడోదానికి ఇంకొంత. గర్భిణుల మలేరియా గురించి ఇప్పుడు పాటిస్తున్న నివారణ పద్ధతులన్నీ ఈ చిక్కుముడి చుట్టూ తిరిగినవే.

చాలాకాలం వైద్యులు దీనికి ఒక సులువైన కారణం చెప్పేవారు. గర్భంతో ఉన్నప్పుడు శరీరం బిడ్డను పరాయి వస్తువుగా చూడకుండా తన రోగనిరోధక శక్తిని కాస్త తగ్గించుకుంటుంది, అందుకే మలేరియా తిరగబెడుతుంది అనేవారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ అదొక్కటే కారణమైతే ప్రతి గర్భంలోనూ ముప్పు ఒకేలా ఉండాలి. తొలి చూలు మీదే దెబ్బ అంత గట్టిగా ఎందుకు పడుతుందో ఈ వివరణతో తేలదు.

అసలు ఆచూకీ మాయలో, అంటే కడుపులోని బిడ్డకు తల్లి నుంచి ఆహారం చేరవేసే అవయవంలో దొరికింది. పనామాలో 1915లోనే హెచ్.సి. క్లార్క్ అనే వైద్యుడు ప్రసవం తర్వాత మాయలోని రక్తాన్ని గాజుపలకపై పూసి పరీక్షిస్తే మలేరియా బయటపడుతుందని రాశాడు. 1925లో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో పనిచేసిన బ్లాక్‌లాక్, గార్డన్ అనే పరిశోధకులు కూడా మాయ రక్తంలో మలేరియా పరాన్నజీవుల గురించి నివేదించారు. ఆ తర్వాతి పరిశీలనల్లో ఒక విషయం పదేపదే కనిపించింది. తల్లి వేలి నుంచి తీసిన రక్తంలో ఏమీ కనపడదు. ఆమెకు జ్వరం లేదు, చలి లేదు. అయినా మాయలో తల్లి రక్తం నిండే ఖాళీల్లో పరాన్నజీవులు కిక్కిరిసి ఉంటాయి.

ఇది ప్రధానంగా ప్లాస్మోడియం ఫాల్సిపారం చేసే పని. ఈ జాతి పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో పెరుగుతూ ఆ కణం ఉపరితలం మీదికి ఒక ప్రొటీన్‌ను పంపుతుంది. ఆ ప్రొటీన్ సాయంతో కణం రక్తనాళాల గోడకు అతుక్కుంటుంది. అలా అతుక్కోకుండా రక్తంతో పాటు తిరిగితే అది ప్లీహం దాకా వెళ్తుంది, అక్కడ పట్టుబడి నాశనమవుతుంది. చిన్నతనం నుంచీ మలేరియా బారిన పడిన మనిషి శరీరం ఈ ప్రొటీన్లలో చాలా రకాలను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పెద్దల్లో జబ్బు ముదరకపోవడానికి ఇదొక కారణం.

1996లో మైకల్ ఫ్రైడ్, పాట్రిక్ డఫీ అనే పరిశోధకులు పశ్చిమ కెన్యాలోని మాయలను పరీక్షించి కీలకమైన సంగతి కనిపెట్టారు. మాయలోంచి తీసిన సోకిన కణాలు మామూలు రక్తనాళాల్లో పట్టుకునే చోట కాకుండా కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఏ అనే పదార్థానికి అతుక్కుంటున్నాయి. అది మాయ ఉపరితలం మీద దండిగా ఉంటుంది. దాన్ని పట్టుకునే ప్రొటీన్‌ను 2003లో గుర్తించి వార్2సీఎస్ఏ అని పిలిచారు. గర్భం రాకముందు స్త్రీ శరీరంలో మాయే ఉండదు, కాబట్టి ఆ ప్రొటీన్‌ను ధరించిన పరాన్నజీవులు స్థిరపడటానికి చోటూ ఉండదు. మొదటిసారి మాయ ఏర్పడగానే వాటికి ఆ చోటు దొరుకుతుంది. తల్లి శరీరానికి మాత్రం ఆ రూపం కొత్త. తొలి గర్భంలో దాన్ని చూశాక యాంటీబాడీలు తయారవుతాయి, తర్వాతి గర్భాల్లో అవే కాపాడతాయి. పాత చిక్కుముడి ఇక్కడ విడిపోయింది.

ఈ కారణంగానే మలేరియా ఎక్కువగా ఉన్నచోట, తక్కువగా ఉన్నచోట ప్రమాదం వేర్వేరు రూపాల్లో వస్తుంది. తక్కువగా ఉన్నచోట పెరిగిన తల్లికి పాత రక్షణ ఏదీ ఉండదు. ఆమెకిది ఎన్నో కాన్పు అన్నదానితో సంబంధం లేకుండా తీవ్ర జ్వరం, రక్తంలో చక్కెర పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం జరగవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఎక్కువగా ఉన్నచోట అంత తీవ్రంగా బయటపడటం అరుదు. అక్కడ తల్లి నెమ్మదిగా పాలిపోతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. ఎవరూ మలేరియాను అనుమానించరు. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ అన్యాయం, ఎందుకంటే నష్టం జరిగిపోయిందని కూడా ఆ తల్లికి ఎవరూ చెప్పరు.

మాయ లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. సోకిన కణాలు పోగుపడగానే తల్లి శరీరం వాటిని తొలగించడానికి తెల్ల కణాలను పంపుతుంది. అవి ఆ ఖాళీల్లోనే గుమిగూడి వాపు తెస్తాయి, బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు చేరవేసే పొర దెబ్బతింటుంది. పరాన్నజీవి రక్తవర్ణకాన్ని తిని వదిలేసిన నల్లని రంగు పదార్థం కణజాలంలో మిగిలిపోతుంది. పురుడు అయ్యాక మాయ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ సోకు ఎప్పటిదో కూడా తెలుస్తుంది. పరాన్నజీవులు మాత్రమే కనిపిస్తే ఈమధ్య సోకినట్టు, రెండూ ఉంటే కొంతకాలంగా కొనసాగుతున్నట్టు, నల్లరంగు మాత్రమే మిగిలితే వచ్చి పోయినట్టు. చిక్కల్లా ఏమిటంటే, ఇంత స్పష్టమైన సాక్ష్యం బిడ్డ పుట్టాక గానీ చేతికి రాదు. 2,500 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి నెలల్లో ప్రాణాపాయం ఎక్కువ. కొందరు బిడ్డలు నెలలు నిండకుండానే పుడతారు, కొన్ని గర్భాలు నిలవవు.

పరీక్షలో దొరకని జబ్బుకు మందు ఎలా ఇవ్వాలి? మొదట దొరికిన జవాబు క్లోరోక్విన్. గర్భిణులంతా వారానికోసారి ఆ మాత్రలు వేసుకోవాలని చెప్పేవారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ మాత్ర చేదు, ఆఫ్రికాలో చాలామందికి దాంతో ఒళ్లంతా దురద పుట్టేది. ఒంట్లో బాగానే ఉన్న మనిషి నెలల తరబడి ప్రతి వారం అలాంటి మాత్రను ఇంట్లో గుర్తుపెట్టుకుని వేసుకోవడం కష్టం. దానికి తోడు 1970ల చివరి నుంచి తూర్పు ఆఫ్రికాలో క్లోరోక్విన్‌కు లొంగని పరాన్నజీవులు వ్యాపించాయి.

మలావీలో జరిగిన ఒక ప్రయోగం దారి మళ్లించింది. అక్కడి పరిశోధకులు వారం వారం మాత్రను పక్కనపెట్టి సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ అనే జంట మందును గర్భకాలంలో రెండుసార్లు మాత్రమే ఇచ్చి చూశారు. 1994లో వెలువడిన ఫలితాల ప్రకారం క్లోరోక్విన్ వాడినవారిలో 32 శాతం మంది మాయల్లో మలేరియా కనిపించింది, కొత్త మందు రెండుసార్లు పుచ్చుకున్నవారిలో అది 9 శాతమే. మలావీ దీన్ని దేశమంతటా అమలుచేసింది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు సిఫారసు చేసింది. ఆరోగ్య కార్యకర్తలు ఈ మందును ఎస్‌పీ అంటారు.

ఇందులో తెలివి మందును ఇచ్చే తీరులో ఉంది. పరీక్ష చేయరు, జ్వరం ఉందా అని చూడరు. రెండో త్రైమాసికం మొదలయ్యాక, అంటే సుమారు 13 వారాలు దాటాక, గర్భిణి తనిఖీకి వచ్చినప్పుడు మూడు మాత్రలు ఒకేసారి నర్సు కళ్లెదుటే మింగిస్తారు. ఒక్కో మాత్రలో 500 మిల్లీగ్రాముల సల్ఫాడాక్సిన్, 25 మిల్లీగ్రాముల పైరిమెథమిన్ ఉంటాయి. అప్పటికే మాయలో ఉన్న పరాన్నజీవులను అవి తుడిచిపెడతాయి, ఒంట్లోంచి నెమ్మదిగా పోయే మందు కావడంతో తర్వాత కొన్ని వారాలు కొత్తవి రాకుండా అడ్డుకుంటాయి.

రెండు విడతలు చాలవని తర్వాత తేలింది. చివరి విడత ఏడో నెలలో పడితే, బిడ్డ బరువు వేగంగా పెరిగే ఆఖరి వారాల్లో రక్షణ ఉండదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ విడతలను రెండింటితో పోల్చిన అధ్యయనాలను 2013లో కలిపి విశ్లేషిస్తే బిడ్డల సగటు బరువు 56 గ్రాములు ఎక్కువగా ఉంది. సగటులో అది చిన్న తేడాలా కనిపించినా, తక్కువ బరువుతో పుట్టే బిడ్డల వాటా దాదాపు ఐదో వంతు తగ్గింది. ఆ విశ్లేషణ అచ్చులోకి రాకముందే, 2012లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసు మార్చింది. తనిఖీకి వచ్చిన ప్రతిసారీ, కనీసం నెల ఎడంతో, ప్రసవం వరకు ఇవ్వవచ్చు. కనీసం మూడు విడతలు అందాలి.

ఒక తొలి చూలు గర్భిణిని తీసుకుని లెక్క వేద్దాం. ఆమె 16వ వారంలో మొదటిసారి తనిఖీకి వస్తే 16, 20, 24, 28, 32, 36 వారాల్లో ఆరు విడతలకు వీలుంది. అదే 26వ వారంలో వస్తే 26, 30, 34, 38, అంటే నాలుగు. మధ్యలో ఒకసారి మాత్రల నిల్వ అయిపోయి, ఇంకోసారి ఆమె రాలేకపోతే రెండే మిగులుతాయి. పైగా తొలి తనిఖీకి ముందు గడిచిన వారాల్లో మాయకు జరిగిన హానిని ఏ మాత్రా సరిచేయలేదు. అందుకే మందు పూసిన దోమతెర కింద పడుకోవడం గర్భం తెలిసిన రోజు నుంచే మొదలవ్వాలి. మొదటి మూడు నెలల్లో ఎస్‌పీ ఇవ్వరు గనుక అప్పుడు ఆసరా ఆ తెరే.

తప్పులు జరిగే చోట్లు కూడా తెలిసినవే. ఎస్‌పీ పరాన్నజీవికి ఫోలేట్ అనే విటమిన్ అందకుండా చేసి పనిచేస్తుంది. రక్తహీనతకని అదే విటమిన్‌ను ఫోలిక్ ఆమ్లం మాత్రగా రోజూ 5 మిల్లీగ్రాములు ఇస్తే మందు బలం దెబ్బతింటుంది. 0.4 మిల్లీగ్రాముల మోతాదుతో ఆ ఇబ్బంది లేదు. హెచ్ఐవీ ఉండి రోజూ కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ వాడే గర్భిణికి ఎస్‌పీ ఇవ్వకూడదు, రెండిటిలోనూ సల్ఫా మందులే ఉన్నాయి. ఇది జ్వరానికి చికిత్స కూడా కాదు. గర్భిణికి జ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేసి మలేరియా తేలితే పూర్తి చికిత్స ఇవ్వాలి. మొదటి మూడు నెలల్లో ఒకప్పుడు ఏడు రోజుల క్వినైన్, క్లిండామైసిన్ తప్ప దారి ఉండేది కాదు. 2022 నుంచి ఆర్టెమీథర్-ల్యూమెఫాంట్రిన్‌ను ఆ నెలల్లో కూడా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు ఎస్‌పీకి కూడా లొంగని పరాన్నజీవులు ఆఫ్రికా ఖండం తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో ప్రబలాయి. దాని స్థానంలో డైహైడ్రోఆర్టెమిసినిన్-పైపరాక్విన్ అనే మరో జంట మందును పరీక్షించారు. కెన్యా, మలావీ, టాంజానియాల్లో జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో కొత్త మందు మలేరియాను బాగా తగ్గించింది, కానీ గర్భఫలితాలు మాత్రం పాత మందు తీసుకున్నవారిలోనే మెరుగ్గా ఉన్నాయి. ఎస్‌పీ బహుశా మలేరియాతో సంబంధం లేని ఇతర ఇన్ఫెక్షన్లను కూడా అణచి బిడ్డ ఎదుగుదలకు తోడ్పడుతోందని పరిశోధకుల ఊహ. అందుకే మాత్రను మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు. వార్2సీఎస్ఏ మీద తయారైన రెండు టీకాలు మనుషుల్లో తొలి పరీక్షల దాకా వచ్చాయి.

ఈలోగా ఉన్న మాత్రలే అందరికీ చేరడం లేదు. ఈ విధానం అమల్లో ఉన్న ఆఫ్రికా దేశాల్లో 2022లో మూడు విడతలూ అందిన గర్భిణులు 42 శాతమే. తనిఖీకి కనీసం ఒకసారైనా వచ్చినవారి సంఖ్య దీనికంటే చాలా ఎక్కువ. వాళ్లలో ఎంతోమంది ఆరోగ్య కేంద్రం గడప తొక్కి కూడా మూడు విడతలు పూర్తి కాకుండానే ప్రసవానికి చేరుకుంటున్నారు. అందుకే కొన్ని దేశాలు ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలతోనే ఇంటి దగ్గర మాత్రలు ఇప్పించడం మొదలుపెట్టాయి.