మబ్బులో చెవి చెప్పే అబద్ధం: అపోహలు - వాస్తవాలు

నైరుతి రుతుపవనాల కాలంలో మధురపూడి నుంచి ఎగిరి కోనసీమ మీదుగా సముద్రం వైపు వెళ్లే చిన్న విమానాన్ని ఊహించుకోండి. కింద నాట్లు వేసిన చేలలో నీళ్లు, పైన అదే రంగు మబ్బు. ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. మబ్బులోకి దూరాక ఆ కాస్త ఆనవాలూ ఉండదు.

అపోహ: విమానం ఒరిగితే ఒంటికి తెలిసిపోతుంది.

గట్టిగా ఒరిగితే తెలుస్తుంది. నెమ్మదిగా ఒరిగితే తెలియదు. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. వాటిలోని ద్రవం కదిలి, వెంట్రుకల్లాంటి కణాలను వంచితేనే మెదడుకు కబురు అందుతుంది. సెకనుకు సుమారు 2 డిగ్రీల కంటే నెమ్మదైన తిరుగుడును అవి పసిగట్టలేవు. సెకనుకు ఒక డిగ్రీ చొప్పున రెక్క దిగుతూ పోతే, 20 సెకన్లలో విమానం 20 డిగ్రీలు ఒరుగుతుంది. పైలట్‌కు మాత్రం తిన్నగా కూర్చున్నట్టే ఉంటుంది. సరిగ్గా సాగే మలుపులో బరువు ఎప్పుడూ సీటులోకే దిగుతుంది కాబట్టి ఒళ్లు కూడా చెవి మాటకే వంత పాడుతుంది.

ఒరగడం తెలిసిన మలుపులోనూ మోసం ఉంది. నీళ్ల బిందెను తిప్పితే మొదట బిందె తిరుగుతుంది, నీళ్లు వెనకబడతాయి. తిప్పుతూనే ఉంటే నీళ్లూ దాని వేగం అందుకుంటాయి. చెవిలోనూ ఇంతే: మలుపు ఒకే తీరుగా 10 నుంచి 20 సెకన్లు సాగితే ద్రవం నాళంతో సమానంగా తిరుగుతుంది, మలుపు ఆగిపోయినట్టు అనిపిస్తుంది. అప్పుడు రెక్కలు సమం చేస్తే ద్రవం ఇంకా తిరుగుతూనే ఉంటుంది కనుక, విమానం అవతలి వైపు తిరుగుతోందన్న భ్రమ బలంగా కలుగుతుంది. దాన్ని నమ్మినవాడు మళ్లీ పాత మలుపులోకే ఒరుగుతాడు.

అపోహ: ఎత్తు తగ్గుతుంటే ముక్కు పైకి లాగితే సరిపోతుంది.

ప్రాణాలు తీసేది ఈ ఒక్క పనే. ఒరిగిన రెక్కల ఎత్తే బలంలో కొంత పక్కకు పోతుంది. 20 డిగ్రీల ఒరుగులో నిలువుగా మిగిలేది 94 శాతమే. ముక్కు కిందికి దిగుతుంది, వేగం పెరుగుతుంది, ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముల్లు తిరుగుతుంది. తాను తిన్నగా ఉన్నానని నమ్మే పైలట్ కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. రెక్కలు ఒరిగి ఉండగా లాగితే మలుపే బిగుస్తుంది, ఎత్తు ఇంకా వేగంగా జారిపోతుంది. దీన్నే స్పైరల్ డైవ్ అంటారు. ఎత్తు తగ్గుతూ, వేగం పెరుగుతూ, ముక్కు చూపే దిక్కు, అంటే హెడింగ్, మారుతూ ఉంటే ఇదే అనుకోవాలి. చేయాల్సిన వరుస: ముందు థ్రాటిల్ తగ్గించాలి. తర్వాత రెక్కల ఒరుగు, ముక్కు ఎత్తు చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ చూస్తూ రెక్కలు సమం చేయాలి. ఆ తర్వాతే మెల్లగా ముక్కు ఎత్తాలి. వరుస తారుమారు చేయకూడదు. ఈ మధ్యలో తల గబుక్కున తిప్పినా, ఛార్టు కోసం వంగినా మరో నాళం కదిలి పల్టీ కొట్టినట్టు అనిపిస్తుంది, అందుకే తల కదపకుండా కళ్లతోనే చూడాలి.

అపోహ: రెండు మూడు నిమిషాలేగా, మబ్బు దాటేయొచ్చు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలనే చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ రాని 20 మందిని బయట ఏమీ కనిపించని స్థితిలో నడపమన్నారు. సగటున 178 సెకన్లకు విమానం అదుపు తప్పింది. అందుకే మబ్బులో చిక్కుకుంటే ముందుకు సాగకుండా, స్టాండర్డ్ రేట్ మలుపుతో వెనక్కి తిరగమంటాం. సెకనుకు 3 డిగ్రీలు, అంటే 180 డిగ్రీలకు నిమిషం పడుతుంది. 100 నాట్ల వేగంలో ఒరుగు సుమారు 15 డిగ్రీలు చాలు. ఆ నిమిషమంతా చూపు పరికరాల మీదే ఉండాలి.

అపోహ: పరికరాలను నమ్మడమంటే ఆటిట్యూడ్ ఇండికేటర్‌ను నమ్మడం.

ఒక్కదాన్నే నమ్మడమూ ప్రమాదమే. 1978 జనవరి 1 రాత్రి ముంబై నుంచి ఎగిరిన ఎయిర్ ఇండియా 855 సముద్రం మీద కుడి మలుపు ముగించి సమానంగా ఎగురుతోంది. కెప్టెన్ ముందున్న ఆటిట్యూడ్ ఇండికేటర్ మాత్రం ఇంకా కుడి ఒరుగునే చూపించింది. ఆయన ఎడమకు ఒరిగించారు. చీకట్లో క్షితిజం లేదు, విమానం సముద్రంలో పడి 213 మంది చనిపోయారు.

కాబట్టి రెండో సాక్ష్యం అడగాలి. ఇండికేటర్ కుడి ఒరుగు చూపుతున్నా హెడింగ్ మారకపోతే, మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్‌లోని బొమ్మ విమానం సమంగా ఉంటే తప్పు ఇండికేటర్‌దే. పాత సెస్నా 172 రకం విమానాల్లో ఆటిట్యూడ్, హెడింగ్ పరికరాలు రెండూ వాక్యూమ్ పంపుతో నడుస్తాయి, టర్న్ కోఆర్డినేటర్ కరెంటుతో. పంపు చెడితే వాటిలో తిరిగే చక్రాలు, అంటే గైరోలు, ఒక్కసారిగా ఆగవు, మెల్లగా వేగం తగ్గుతూ నిజంలాంటి తప్పు చూపిస్తాయి. వాక్యూమ్ గేజ్ పడిపోయిందని తెలియగానే ఆ రెండింటినీ కాగితంతో కప్పేసి, టర్న్ కోఆర్డినేటర్, దిక్సూచి, ఆల్టీమీటర్, వేగసూచిక మీద నడపాలి. కప్పకపోతే అలవాటుపడ్డ కన్ను మళ్లీ మళ్లీ వాటి మీదికే పోతుంది.