ఆడ్స్ రేషియో 5.49 అంటే ‘ఐదున్నర రెట్లు ఎక్కువ ప్రమాదం’ కాదు

థీసిస్ గడువు దగ్గరపడితే హనుమకొండలోని మా ఇంటి ముందుగది నిండిపోతుంది. కమ్యూనిటీ మెడిసిన్, గైనకాలజీ పీజీలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తారు. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవారూ ఉంటారు. చాలామంది ఫలితాల అధ్యాయంలో ఒకే వాక్యం కనిపిస్తుంది: ‘ప్రైవేటు ఆసుపత్రుల్లో సిజేరియన్ జరిగే అవకాశం 5.5 రెట్లు ఎక్కువ.’ సిజేరియన్ స్థానంలో రక్తహీనత, బీపీ, ప్రైవేటు స్థానంలో చదువు, పొగాకు వస్తాయి. వాక్యం నిర్మాణం మాత్రం మారదు. అందులోని తప్పూ మారదు.

అపోహ: Exp(B) ఎంత ఉంటే ప్రమాదం అన్ని రెట్లు

అందరి ముందూ ఉన్న అంకెలతోనే చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. లెక్క తేలికగా ఉండటానికి రెండు చోట్లా వెయ్యేసి కాన్పులు అనుకుందాం. ప్రైవేటులో 815 సిజేరియన్లు, 185 సాధారణ కాన్పులు. ప్రభుత్వంలో 445, 555.

ఆడ్స్ అంటే జరిగినవాటిని జరగనివాటితో భాగించడం. ప్రైవేటులో 815ని 185తో భాగిస్తే 4.41 వస్తుంది. అంటే ఒక్క సాధారణ కాన్పుకు నాలుగుకు పైగా సిజేరియన్లు. ప్రభుత్వంలో 445ని 555తో భాగిస్తే 0.80. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 5.49. అదే ఆడ్స్ రేషియో, ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ పట్టికలో Exp(B) కింద కనిపించే అంకె. ఇక్కడిదాకా ఎవరూ తప్పు చేయరు.

తప్పు తర్వాతి అడుగులో జరుగుతుంది. 5.49ని చూసి ‘అవకాశం ఐదున్నర రెట్లు’ అని రాస్తారు. అది నిజమైతే ప్రభుత్వ ఆసుపత్రిలోని 44.5 శాతాన్ని 5.49తో గుణించాలి. 244 శాతం వస్తుంది. వంద కాన్పుల్లో 244 సిజేరియన్లు! థీసిస్ ఇచ్చేముందు ఈ ఒక్క గుణకారం చేసి చూసుకోండని ప్రతి విద్యార్థికీ చెబుతున్నాను. జవాబు వంద దాటిందంటే వాక్యం తప్పు. వంద దాటనంత మాత్రాన ఒప్పని కాదు. ఇక్కడ అవకాశం పెరిగింది 81.5ని 44.5తో భాగిస్తే వచ్చేంత, అంటే 1.83 రెట్లు. రెండు రెట్లు కూడా కాదు.

దేశం మొత్తానికి అదే సర్వే ఇచ్చిన అంకెలను పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ ప్రైవేటులో 47.4 శాతం, ప్రభుత్వంలో 14.3 శాతం. ఆడ్స్ రేషియో 5.40. తెలంగాణ 5.49కి దాదాపు సమానం. కానీ దేశవ్యాప్తంగా అవకాశం పెరిగింది 3.31 రెట్లు, తెలంగాణలో 1.83 రెట్లు. ఆడ్స్ రేషియోలు కవలల్లా ఉన్నా వాటి వెనక ఉన్న పరిస్థితులకు పోలికే లేదు. తేడా ఎక్కడుంది? ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటే ఎన్ని సిజేరియన్లు జరుగుతున్నాయన్న దాంట్లో. ఆ మూల శాతం లేకుండా ఆడ్స్ రేషియో ఒక్కదాన్నే చూసి అవకాశం ఎన్ని రెట్లు పెరిగిందో ఎవరూ చెప్పలేరు.

‘పదేళ్లుగా ఇలాగే రాస్తున్నారు కదా సార్, పాత థీసిస్‌లు చూశాను’ అంటారు పిల్లలు. పాత పుస్తకాల నుంచి వచ్చిన అలవాటుకు కారణం ఉంది. జరిగే విషయం అరుదైనదైతే రెండు అంకెలూ కలిసిపోతాయి. ఒక గుంపులో 2 శాతం, మరో గుంపులో 1 శాతం మందికి జబ్బు వస్తే రెట్టింపు అవకాశం, ఆడ్స్ రేషియో 2.02. అక్కడ రెండింటినీ ఒకటిగా చదివినా నష్టం లేదు. పది శాతం దాటాక మెల్లగా విడిపోతాయి, సగం దగ్గరికొచ్చేసరికి ఎడం పెద్దదవుతుంది. మన దగ్గర పీజీలు ఎంచుకునే విషయాలు ఎక్కువగా ఈ రెండో రకమే: సిజేరియన్, గర్భిణుల్లో రక్తహీనత, మందులు సరిగా వాడకపోవడం.

కంప్యూటర్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ మోడల్ వేస్తే ఇది ఎలా కనిపిస్తుందో చూపిస్తాను. ఆర్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఇలా వేసి చూడవచ్చు:

```
cs   <- c(815, 445)
nocs <- c(185, 555)
pvt  <- c(1, 0)
m <- glm(cbind(cs, nocs) ~ pvt, family = binomial)
coef(m)
exp(coef(m))
predict(m, type = "response")
```

`coef(m)` రెండు అంకెలు ఇస్తుంది. మొదటిది −0.221, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఆడ్స్‌కు లాగ్. రెండోది 1.704, ప్రైవేటుకు మారితే ఆ లాగ్ ఎంత పెరుగుతుందో చెబుతుంది. `exp` చేస్తే 0.80, 5.49. మొదటి అంకెను అందరూ వదిలేస్తారు, చాలా పట్టికల్లో ఆ వరుసే ఉండదు. మూల శాతం దాక్కున్నది అందులోనే. రెండింటినీ కలిపితే 1.483. దాన్ని మళ్లీ సంభావ్యతగా మార్చితే 0.815. చివరి ఆదేశం చేసేది ఇదే: 0.815, 0.445 అని నేరుగా చూపిస్తుంది. పాఠకుడికి కావలసింది ఆ రెండు అంకెలు.

మోడల్‌లో వయసు, ముందటి సిజేరియన్, ఆదాయం లాంటివి చేర్చాక పని కొంచెం పెరుగుతుంది. డేటాలోని అందరినీ ఒకసారి ప్రైవేటులో కాన్పు అయినట్టు, ఇంకోసారి ప్రభుత్వంలో అయినట్టు మార్చి, మిగతా వివరాలు ఎవరివి వారికే ఉంచి, రెండుసార్లూ సంభావ్యతల సగటు తీయాలి. ఆ రెండు సగటులనూ, వాటి తేడానూ, నిష్పత్తినీ రాయాలి. సవరించిన ఆడ్స్ రేషియోను తీసుకెళ్లి 1−p0+p0×OR తో భాగించే సూత్రం చాలామంది దగ్గర ఉంది, అందులో p0 అంటే మూల సంభావ్యత. పై ఉదాహరణలాంటి సవరణ లేని లెక్కకు అది సరిపోతుంది. సవరించినదానికి వాడితే తప్పు దారి పట్టిస్తుంది. ఇక కేస్-కంట్రోల్ అధ్యయనమైతే ఈ పనేదీ చేయకూడదు. ఎంతమంది రోగులు, ఎంతమంది ఆరోగ్యవంతులు అన్నది అక్కడ మనమే నిర్ణయించుకున్నాం కాబట్టి వచ్చే శాతాలకు అర్థం లేదు. అక్కడ ఆడ్స్ రేషియోనే ఇచ్చి, దాన్ని ఆడ్స్ అనే చెప్పాలి.

ఈ మాట మీద నేనెందుకు ఇంత పట్టుదలగా ఉంటానో చెప్పాలి. ఒకరోజు సాయంత్రం మా వీధి చివరి ఇంటి ఆవిడ ఫోను పట్టుకుని వచ్చారు. ఎవరో పంపిన సందేశం అది. ‘ప్రైవేటుకు వెళ్తే ఆపరేషన్ ఐదున్నర రెట్లు’ అని ఎర్ర అక్షరాలతో ఉంది. కూతురికి ఏడో నెల, తొలి కాన్పు, ప్రైవేటులో చూపిస్తున్నారు. ‘సార్, ఇప్పుడు ఆసుపత్రి మార్పించాలా? రాత్రి నిద్ర పట్టలేదు’ అన్నారు. కాగితం మీద రెండు గీతలు గీసి, వంద మందిలో ఇక్కడ 81 లేదా 82, అక్కడ 44 లేదా 45 అని రాసి చూపించాను. ఆవిడ కాసేపు ఆ కాగితాన్నే చూసి, ‘అయితే అక్కడ కూడా ఇంచుమించు సగం మందికి అవుతోందన్న మాట’ అన్నారు. అంత ముఖ్యమైన సంగతిని ఆ ‘ఐదున్నర రెట్లు’ పూర్తిగా కప్పేసింది. ఈ శాతాల్లో ముందు ఆపరేషన్ అయినవారూ కలిసి ఉన్నారని, మీ అమ్మాయి సంగతి వేరు కావచ్చని చెప్పాను. డాక్టరు ఆపరేషన్ అంటే ఏ కారణంతో అన్నారో అడగమన్నాను. పుకారు పంపినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది. ఆ తల్లి భయం మీద రాలేదు. అంకెను అలా రాసి వదిలింది మా వృత్తివాళ్లలో ఎవరో ఒకరే కదా.

అపోహ: hospital(1) అంటే 1 అని కోడ్ ఇచ్చిన గుంపు

ఎస్‌పీఎస్‌ఎస్ వాడేవారికి ఇది పెద్ద గొయ్యి. ఒక అమ్మాయి ప్రభుత్వాన్ని 0, ప్రైవేటును 1 అని కోడ్ చేసి, Categorical పెట్టెలో వేసింది. ఫలితంలో `hospital(1)` పక్కన Exp(B) 0.182. ‘ప్రైవేటులో సిజేరియన్ 82 శాతం తక్కువ’ అని రాసుకొచ్చింది. వార్డులో రోజూ కళ్లతో చూస్తున్నదానికి అది పూర్తిగా వ్యతిరేకం. పాపం, సాఫ్ట్‌వేర్ చెప్పింది కాబట్టి నిజమే అయి ఉంటుందని నమ్మింది.

మనం మార్చకపోతే ఎస్‌పీఎస్‌ఎస్ చివరి గుంపును ఆధారంగా తీసుకుంటుంది. ఇక్కడ చివరిది 1, అంటే ప్రైవేటు. కాబట్టి `hospital(1)` వరుస ప్రభుత్వ ఆసుపత్రి గురించి చెబుతోంది. ఆ బ్రాకెట్‌లోని 1 వరుస సంఖ్య, మనమిచ్చిన కోడ్ కాదు. ఫలితాల మొదట్లో వచ్చే Categorical Variables Codings పట్టిక చూస్తే ఏ గుంపు ఆధారమో తెలుస్తుంది. చాలామంది దాన్ని దాటేసి కిందికి వెళ్లిపోతారు. దిశ సరిచేశాక కూడా ఆ ‘82 శాతం తక్కువ’ నిలవదు. అది ఆడ్స్‌లో తగ్గుదల. ప్రభుత్వంలో అవకాశం తగ్గింది 81.5 నుంచి 44.5కి, అంటే 45 శాతం.

మోడల్ ఎంత సరిపోయిందన్న దాని గురించి

హాస్మర్-లెమెషో పరీక్షలో పీ విలువ 0.05 కన్నా తక్కువ వస్తే సంతోషించేవారున్నారు. మిగతా పరీక్షల అలవాటు అది. ఇక్కడ తక్కువ వస్తే మోడల్ ఊహించిన శాతాలు డేటాతో పొసగడం లేదని అర్థం. ఎక్కువ వస్తే మోడల్ బాగుందని రుజువైనట్టూ కాదు. ఎనభై మందితో చేస్తే పెద్ద లోపాన్ని కూడా అది పట్టుకోలేకపోవచ్చు. వేలమందితో చేస్తే పట్టించుకోనక్కర్లేని తేడాకూ కేక పెడుతుంది. ఊహించిన శాతాలను పది గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపులో నిజంగా ఎంతమందికి జరిగిందో పక్కనే రాసుకుంటే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది.

నెగెల్‌కెర్క్ ఆర్-స్క్వేర్ 0.20 అయితే ‘20 శాతం వివరించింది’ అని రాయకండి, అది ఆ అర్థంలో పనిచేయదు.

‘నా మోడల్ 68 శాతం సరిగ్గా చెప్పింది’ అనేవారు ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి. పై రెండు వేల కాన్పుల్లో 1,260 సిజేరియన్లు, అంటే 63 శాతం. ఏ మోడల్ లేకుండా కళ్లు మూసుకుని అందరికీ ‘సిజేరియన్’ అన్నా 63 శాతం సరిపోతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ Block 0 కింద చూపించే శాతం అదే. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి తెచ్చినవారితోనే నేను తర్వాతి పట్టికకు వెళ్తాను.

మొన్న ఆ ఎస్‌పీఎస్‌ఎస్ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఫలితాల అధ్యాయంలో ఇప్పుడు ఇలా ఉంది: ‘సిజేరియన్ శాతం ప్రైవేటులో ఇంత, ప్రభుత్వంలో ఇంత, తేడా ఇన్ని శాతం పాయింట్లు, ఆడ్స్ రేషియో ఇంత, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఇంత నుంచి ఇంత.’ పట్టిక కింద ఆధార గుంపు ఏదో కూడా రాసింది.