లిమ్‌సప్, లిమ్‌ఇన్ఫ్: నా క్లాసులో ఏటా వినిపించే అపోహలు, వాటి వాస్తవాలు

విశాఖలో ఎమ్మెస్సీ, నెట్ పరీక్షల పిల్లలకు రియల్ అనాలిసిస్ చెబుతాను. లిమిట్ సుపీరియర్ చెప్పిన వారానికి టెస్ట్ పెడితే ఏటా అవే తప్పులు కనిపిస్తాయి, అదీ బాగా చదివే పిల్లల పేపర్లలో. డెఫినిషన్ తప్పు లేకుండా రాస్తారు, దాని కింద లెక్క మాత్రం వేరే దారి పడుతుంది. అందుకే ఒకే సీక్వెన్స్‌ను పట్టుకుని చివరిదాకా చేసి చూపిస్తున్నాను, పెన్ను దగ్గర పెట్టుకోండి.

అపోహ: బౌండెడ్ సీక్వెన్స్‌కు లిమ్‌సప్ అంటే దాని సుప్రీమమే.

కాదు. సుప్రీమం మొదటి పదం నుంచి అన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. లిమ్‌సప్ మాత్రం ముందు ఎన్ని పదాలు తీసేసినా, అంటే పదైనా పది లక్షలైనా, మారదు. క్లాసులో దీనికి మన ఊరి ఉదాహరణే చెబుతాను. విశాఖలో రోజూ గాలి గరిష్ఠ వేగాన్ని రాసుకుంటూ పోతున్నామని, ఆ రాత ఎప్పటికీ ఆగదని అనుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు అంకె ఆ పట్టికలో పెద్ద ఎత్తున నిలబడి ఉంటుంది. అంత గాలి మళ్లీ ఎప్పుడూ రాకపోతే, ఆ అంకె సుప్రీమంను నిర్ణయిస్తుంది కానీ లిమ్‌సప్‌ను తాకను కూడా తాకదు, ఎందుకంటే ఆ ఒక్క రోజు దాటాక మిగిలిన పట్టికలో అది లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మన సీక్వెన్స్ ఇది:

a_n = (-1)^n (1 + 1/n)

పదాలు వరుసగా -2, 3/2, -4/3, 5/4, -6/5, 7/6, ఇలా సాగుతాయి. సుప్రీమం 3/2, ఇన్ఫిమం -2. ఇక తోకలు తీసుకుందాం. n-వ పదం నుంచి చివరిదాకా ఉన్నదాన్ని తోక అంటున్నాను. ఆ తోక సుప్రీమం M_n, ఇన్ఫిమం m_n. n పెరిగే కొద్దీ M_n చేరే విలువే లిమ్‌సప్, m_n చేరే విలువే లిమ్‌ఇన్ఫ్.

మొదటి పదం నుంచి చూస్తే అన్నిటికంటే పెద్దది 3/2, కాబట్టి M_1 = 3/2. రెండో పదం నుంచి చూసినా అదే. మూడో పదం నుంచి మొదలుపెడితే 3/2 వెనకబడిపోయింది, మిగిలినవాటిలో పెద్దది 5/4, కాబట్టి M_3 = M_4 = 5/4. ఆ తర్వాత M_5 = M_6 = 7/6. అంటే 3/2, 3/2, 5/4, 5/4, 7/6, 7/6 అంటూ మెట్లు దిగుతూ 1 దగ్గరికి వెళ్తాయి. లిమ్‌సప్ 1.

కింది వైపు m_1 = -2, తర్వాత m_2 = m_3 = -4/3, m_4 = m_5 = -6/5. ఇవి పైకెక్కుతూ -1 దగ్గరికి చేరతాయి. లిమ్‌ఇన్ఫ్ -1. సుప్రీమం, ఇన్ఫిమం రెండూ వేరు, ఈ రెండూ వేరు.

ఇక్కడే ఇంకో సందేహం కూడా తీరిపోతుంది. "మేడమ్, సీక్వెన్స్‌కు లిమిట్ లేదు కదా, మరి లిమ్‌సప్ ఉంటుందని గ్యారంటీ ఏంటి?" అని అడుగుతారు. తోక చిన్నదయ్యే కొద్దీ దాని సుప్రీమం పెరగలేదు, తగ్గొచ్చు లేదా అలాగే ఉండొచ్చు. సీక్వెన్స్ బౌండెడ్ కాబట్టి M_n కిందికి అంతులేకుండా జారిపోలేదు. తగ్గుతూ, కింద హద్దు ఉన్న సీక్వెన్స్‌కు లిమిట్ తప్పక ఉంటుంది. m_n విషయంలోనూ ఇదే వాదన తిరగేసి వస్తుంది. లిమ్‌సప్, లిమ్‌ఇన్ఫ్ రెండూ ఒకే సంఖ్య అయినప్పుడే, అప్పుడు మాత్రమే, అసలు సీక్వెన్స్ కన్వర్జ్ అవుతుంది.

అపోహ: కొంత దూరం దాటాక పదాలన్నీ లిమ్‌సప్ కంటే తక్కువే, లేదా సమానం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఈ ఒక్క వాక్యం నమ్మితే దాని మీద కట్టిన ప్రూఫ్ మొత్తం కూలిపోతుంది. పైన చేసిన సీక్వెన్స్‌నే చూడండి. లిమ్‌సప్ 1. కానీ సరిసంఖ్యల స్థానంలో ఉన్న ప్రతి పదం 1 + 1/n, అంటే 1 కంటే పెద్దది. ఎంత దూరం వెళ్లినా 1ని దాటేవి వస్తూనే ఉంటాయి.

అసలు విషయం ఏంటంటే, లిమ్‌సప్ L అయితే, మీరు ఏ చిన్న ధన సంఖ్య ε తీసుకున్నా L + ε ను దాటే పదాలు పరిమితంగానే ఉంటాయి, L - ε ను దాటే పదాలు మాత్రం అనంతంగా ఉంటాయి. ఆ ε ని వదిలేసి నేరుగా L అని రాయడంలోనే తప్పు దొర్లుతుంది. మన ఉదాహరణలో ε = 0.01 అనుకోండి. 1.01ని దాటాలంటే n సరిసంఖ్య కావాలి, 1/n విలువ 0.01 కంటే ఎక్కువ ఉండాలి, అంటే n వందకు లోపు. 2 నుంచి 98 దాకా సరిసంఖ్యలు 49, అంతే, 49 పదాలు దాటి ఆగిపోయాయి. 0.99ని దాటేవి మాత్రం సరిసంఖ్యల స్థానాలన్నీ.

మరి పదాలు లిమ్‌సప్‌ను ఎప్పుడూ దాటితీరాలా అంటే, అదీ లేదు. b_n = (-1)^n (1 - 1/n) తీసుకోండి: 0, 1/2, -2/3, 3/4, -4/5... ఏ పదమూ 1ని చేరదు, కానీ ఏ తోక తీసుకున్నా దాని సుప్రీమం 1. లిమ్‌సప్ 1, లిమ్‌ఇన్ఫ్ -1, మొదటి సీక్వెన్స్‌కు వచ్చినవే. ఒకటి పై నుంచి వచ్చింది, ఒకటి కింద నుంచి. కాబట్టి లిమ్‌సప్ విలువ చూసి పదాలు ఏ వైపున ఉన్నాయో చెప్పలేం.

అపోహ: రెండు సీక్వెన్సులను కూడితే లిమ్‌సప్‌లు కూడా కూడుకుంటాయి.

లిమిట్లకు నిజం కాబట్టి దీనికీ నిజమే అనుకుని రాసేస్తారు. x_n = cos(nπ/2) పదాలు 0, -1, 0, 1, మళ్లీ అవే. y_n = sin(nπ/2) పదాలు 1, 0, -1, 0, మళ్లీ అవే. రెండింటికీ లిమ్‌సప్ 1, లిమ్‌ఇన్ఫ్ -1. ఇక కూడండి: 1, -1, -1, 1. లిమ్‌సప్ 1 వచ్చింది, 2 కాదు. లిమ్‌ఇన్ఫ్ -1 వచ్చింది, -2 కాదు. కారణం సులువే, ఒకటి శిఖరం మీద ఉన్నప్పుడు రెండోది సున్నా దగ్గర ఉంది, ఇద్దరూ ఒకేసారి పైకి రాలేదు. అందుకే బౌండెడ్ సీక్వెన్సులకు ఖాయంగా చెప్పగలిగేది ఇంతే: మొత్తం లిమ్‌సప్, విడి లిమ్‌సప్‌ల మొత్తాన్ని మించదు, మొత్తం లిమ్‌ఇన్ఫ్, విడి లిమ్‌ఇన్ఫ్‌ల మొత్తం కంటే తగ్గదు.

అయితే రెండింటిలో ఒకటి కన్వర్జ్ అయితే సమానం తప్పకుండా వస్తుంది. ఇది గుర్తుంటే మన మొదటి లెక్క తోకలు తీయకుండానే అయిపోతుంది. a_n ను (-1)^n + (-1)^n/n అని విడదీయండి. రెండో ముక్క సున్నాకు కన్వర్జ్ అవుతుంది. మొదటి ముక్క లిమ్‌సప్ 1, లిమ్‌ఇన్ఫ్ -1. రెండింటికీ సున్నా కలపండి, పైన మెట్లు దిగి, మెట్లు ఎక్కి తెచ్చుకున్న జవాబే వస్తుంది.