సూపర్‌నోడ్: అపోహలు - వాస్తవాలు

నోడల్ అనాలిసిస్ అంటే ప్రతి నోడ్ దగ్గర కేసీఎల్ రాసి, అంటే లోపలికొచ్చే కరెంట్, బయటికెళ్లే కరెంట్ సమానమని రాసి, నోడ్‌ల వోల్టేజ్‌లు కనుక్కోవడం. అందులో రెసిస్టర్లు, కరెంట్ సోర్సులు ఉన్నంతవరకు చేయి ఆగదు. గ్రౌండ్‌కు తగలని రెండు నోడ్‌ల మధ్య నేరుగా ఒక వోల్టేజ్ సోర్స్ కనబడగానే ఆగుతుంది. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు పాలిటెక్నిక్‌లోనైనా, బీటెక్ మొదటి ఏడాదిలోనైనా అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఈ సోర్స్‌ల కరెంట్ ఎంత అని రాయాలె?" ఆ చిక్కు దాటడానికి వాడే పద్ధతే సూపర్‌నోడ్. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకనిచోటే దాని గురించి ఈ అపోహలు పుడతాయి. అన్నిటినీ ఒకే సర్క్యూట్ మీద పరీక్షిద్దాం.

కాగితం మీద గీసుకోండి. కింద గ్రౌండ్ గీత, పైన ఎడమవైపు a, కుడివైపు b. గ్రౌండ్ నుంచి a లోకి 5 ఆంపియర్లు పంపే కరెంట్ సోర్స్. a నుంచి గ్రౌండ్‌కు 4 ఓంలు, b నుంచి గ్రౌండ్‌కు 6 ఓంలు. a, b మధ్య 10 వోల్టుల సోర్స్, ప్లస్ గుర్తు a వైపు. ఆ సోర్స్‌కు పారలల్‌గా 5 ఓంల రెసిస్టర్.

అపోహ: సోర్స్‌లో రెసిస్టెన్స్ లేదు కాబట్టి కేసీఎల్‌లో దాని కరెంట్ వదిలేయవచ్చు

రెసిస్టర్ అయితే రెండు చివరల వోల్టేజ్ తేడాను ఓంలతో భాగిస్తే కరెంట్ వచ్చేస్తుంది. ఐడియల్ వోల్టేజ్ సోర్స్‌కు అలాంటి సూత్రం లేదు. చుట్టూ ఉన్న సర్క్యూట్ ఎంత అడిగితే అంత కరెంట్ అందులో పారుతుంది. సూత్రం లేదంటే కరెంట్ లేదని కాదు, మనకు ఇంకా తెలియదని అర్థం.

వదిలేస్తే ఏమవుతుందో లెక్క కట్టి చూడండి. a దగ్గర Va/4 + (Va − Vb)/5 = 5, b దగ్గర Vb/6 + (Vb − Va)/5 = 0 అని రాస్తే Va = 14.67, Vb = 8 వస్తాయి. తేడా 6.67 వోల్టులు. అక్కడ పెట్టిన సోర్స్ 10 వోల్టులది. అంటే మనం సోర్స్‌ను బొమ్మలోంచి పీకేసి వేరే సర్క్యూట్‌ను సాధించాం.

తెలియని ఆ కరెంట్‌కు I అని పేరు పెట్టి, a నుంచి సోర్స్ గుండా b కి పారుతోందనుకుని రాస్తే దారి దానంతటదే తెరుచుకుంటుంది.

a దగ్గర: Va/4 + (Va − Vb)/5 + I = 5

b దగ్గర: Vb/6 + (Vb − Va)/5 − I = 0

రెండూ కూడండి. I పోతుంది. 5 ఓంల పదం కూడా పోతుంది. మిగిలేది:

Va/4 + Vb/6 = 5

సూపర్‌నోడ్ సమీకరణం అంటే ఇదే. కొత్త నియమమేమీ కాదు, రెండు నోడ్‌ల కేసీఎల్‌ను కూడగా వచ్చిన మొత్తం. ఈ కూడిక ఒక్కసారి చేత్తో చేసినవారికి సూపర్‌నోడ్‌ను బట్టీ పట్టే అవసరం రాదు. దాన్ని చూపించకుండా నేరుగా రెండు నోడ్‌ల చుట్టూ చుక్కల గీత గీయించడం వల్లే మిగతా అపోహలన్నీ వస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: సూపర్‌నోడ్ అంటే రెండు నోడ్‌లు కలిసి ఒక్కటైపోవడం, కాబట్టి వోల్టేజ్ కూడా ఒక్కటే

కలిసేది కరెంట్ల లెక్క మాత్రమే. వోల్టేజ్‌లు వేరువేరుగానే ఉంటాయి. రెండింటికీ ఒకే V అని రాస్తే V/4 + V/6 = 5 నుంచి V = 12 వస్తుంది. అది a, b లను తీగతో షార్ట్ చేస్తే వచ్చే జవాబు. పైన కూడినప్పుడు 4 ఓంల పదంలో Va, 6 ఓంల పదంలో Vb మిగిలాయి కదా. ఏ రెసిస్టర్ ఏ నోడ్‌కు తగిలి ఉంటే ఆ నోడ్ వోల్టేజే రాయాలి. మూడో నోడ్ c ఉండి, b నుంచి దానికి రెసిస్టర్ వెళ్తే ఆ పదం (Vb − Vc)/R అవుతుంది. అక్కడ Va రాయడం జవాబు పత్రాల్లో తరచూ కనబడే తప్పు.

తెలియనివి రెండు, కూడిక మిగిల్చిన సమీకరణం ఒక్కటి. రెండోది సోర్సే ఇస్తుంది. a లో బయల్దేరి సోర్స్ గుండా b కి వెళ్లండి. ప్లస్‌లో ప్రవేశించి మైనస్‌లో బయటపడతాం కాబట్టి 10 వోల్టులు తగ్గాలి: Va − 10 = Vb. మొదటి సమీకరణాన్ని 12తో గుణిస్తే 3Va + 2Vb = 60. Va స్థానంలో Vb + 10 పెడితే 5Vb + 30 = 60. Vb = 6 వోల్టులు, Va = 16 వోల్టులు.

అపోహ: సోర్స్‌కు పారలల్‌గా ఉన్న రెసిస్టర్‌ను సూపర్‌నోడ్ సమీకరణంలో రాయాలి

a, b, సోర్స్, 5 ఓంల రెసిస్టర్ అన్నీ లోపల పడేలా చుక్కల గీత చుట్టండి. ఆ గీతను దాటే తీగలు మూడే: కరెంట్ సోర్స్, 4 ఓంలు, 6 ఓంలు. 5 ఓంల రెసిస్టర్ రెండు చివరలూ లోపలే ఉన్నాయి. ఒక ఇంటి కాంపౌండ్ గేటు దగ్గర మనుషులను లెక్కపెడుతుంటే, లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినవారు ఆ లెక్కలోకి రారు. ఇదీ అంతే.

అయినా దాన్ని రాస్తే? Va/4 + Vb/6 + 10/5 = 5 అవుతుంది. Va = 11.2, Vb = 1.2 వస్తాయి. సరిచూడండి: గ్రౌండ్‌కు దిగే కరెంట్లు 2.8, 0.2, మొత్తం 3 ఆంపియర్లు. లోపలికి పంపింది 5. లెక్క తప్పిన 2 ఆంపియర్లు సరిగ్గా ఆ 5 ఓంల రెసిస్టర్ కరెంటే.

ఇక్కడే దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: అయితే ఆ రెసిస్టర్‌కు సర్క్యూట్‌లో పనేమీ లేదని. Va, Vb లను అది మార్చదు, నిజమే. సోర్స్ కరెంట్‌ను మాత్రం పూర్తిగా మారుస్తుంది. వోల్టేజ్‌లు తెలిశాక I కోసం a నోడ్ సమీకరణానికి తిరిగి వెళ్లాలి. 16/4 + 10/5 + I = 5, అంటే I = −1 ఆంపియర్. మైనస్ అంటే కరెంట్ b నుంచి సోర్స్ గుండా a కి వెళ్తోంది, ప్లస్ చివర నుంచి బయటికొస్తోంది. సోర్స్ 10 వాట్లు ఇస్తోంది.

ఇప్పుడు 5 ఓంలు తీసేయండి. Va, Vb అవే 16, 6. కానీ 4 + I = 5, అంటే I = +1. అదే సోర్స్ ఇప్పుడు 10 వాట్లు తీసుకుంటోంది. ఒక్క రెసిస్టర్ తీసేసినందుకు సోర్స్ ఇచ్చే దశ నుంచి తీసుకునే దశకు మారింది. ప్రశ్నలో "సోర్స్ అందించే పవర్ ఎంత" అని అడిగితే, లోపలి రెసిస్టర్‌ను మరిచినవారికి విలువ 10 సరిగానే వచ్చి గుర్తు తిరగబడుతుంది. అందుకే I ని సూపర్‌నోడ్ సమీకరణంలో వెతకొద్దు, అది అక్కడ లేదు. ఏదో ఒక చివరి నోడ్‌కు మామూలు కేసీఎల్ రాసి, పారలల్ రెసిస్టర్‌తో సహా లెక్కించాలి.

అపోహ: చివర్లో కేసీఎల్ సరిపోతే జవాబు సరైనదే

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇది. ప్లస్, మైనస్ తారుమారై Vb − Va = 10 అని రాశారనుకోండి. Va = 8, Vb = 18 వస్తాయి. సరిచూడండి: 8/4 = 2, 18/6 = 3, మొత్తం 5. చక్కగా సరిపోయింది! పవర్ లెక్క కట్టినా, అదే తిరగేసిన గుర్తుతో కడితే అదీ సరిపోతుంది. ఎందుకంటే మనం సాధించింది సోర్స్‌ను తిప్పి పెట్టిన మరో సర్క్యూట్‌ను, దాని వరకు జవాబు నిజమే.

ఈ తప్పును సమీకరణాలు పట్టుకోలేవు, బొమ్మ ఒక్కటే పట్టుకుంటుంది. వచ్చిన అంకెలను బొమ్మ మీద నోడ్‌ల పక్కన రాయండి. ప్లస్ గుర్తు పక్కనున్న అంకె మైనస్ పక్కనున్న దానికంటే 10 ఎక్కువ ఉందా చూడండి. కేసీఎల్ మొదలుపెట్టకముందే వోల్టేజ్ సమీకరణం రాసేసుకోవడం ఇంకా మంచిది. కరెంట్ల గుర్తులతో తల వేడెక్కాక రాసేటప్పుడే ఇది ఎక్కువగా తిరగబడుతుంది.

అపోహ: వోల్టేజ్ సోర్స్ కనబడితే చాలు, సూపర్‌నోడ్ కట్టాలి

సోర్స్ ఒక చివర గ్రౌండ్‌కు తగిలి ఉంటే రెండో చివర వోల్టేజ్ తెలిసిపోయినట్టే. అక్కడ కేసీఎల్ కూడా అక్కర్లేదు. సోర్స్‌కు సిరీస్‌లో రెసిస్టర్ ఉన్నా అవసరం లేదు. మన 10 వోల్టుల సోర్స్‌కు సిరీస్‌లో 2 ఓంలు ఉంటే ఆ బ్రాంచ్ కరెంట్ (Va − Vb − 10)/2 అని నేరుగా రాయొచ్చు. అలా చేస్తే Va = 15.5, Vb = 6.75 వస్తాయి. తేడా 8.75, పది కాదు. ఇప్పుడు 5 ఓంలు కూడా వోల్టేజ్‌లను మారుస్తుంది, దాన్ని వదిలేయకూడదు.

డిపెండెంట్ సోర్స్ వచ్చినా పద్ధతి మారదు. 10 వోల్టుల స్థానంలో 6ix విలువ గల సోర్స్ పెట్టి, ix అంటే b నుంచి 6 ఓంల గుండా కిందికి దిగే కరెంట్ అనుకోండి. కూడిక సమీకరణం అదే Va/4 + Vb/6 = 5. రెండోది మాత్రం Va − Vb = 6(Vb/6), అంటే Va = 2Vb. జవాబు 15, 7.5.

అపోహ: సిమ్యులేటర్ కూడా లోపల సూపర్‌నోడే కడుతుంది

స్పైస్ తరహా ప్రోగ్రాములు నోడ్‌లను కలపవు. I ని కూడా తెలియనిదిగా ఉంచుకుని, ఒక సమీకరణం అదనంగా పెట్టుకుని సాధిస్తాయి. 1975లో హో, రూలీ, బ్రెన్నన్ ప్రచురించిన మోడిఫైడ్ నోడల్ పద్ధతి అది. మనం మొదట రాసిన రెండు కేసీఎల్‌లు, ఒక వోల్టేజ్ సమీకరణం కలిస్తే సరిగ్గా అదే. చేత్తో చేసేటప్పుడు మూడు తెలియనివాటి కంటే రెండు సులువు కాబట్టి కూడేస్తాం, అంతే తేడా. ఎన్‌జీస్పైస్‌లో ఇలా రాసి చూడండి:

```
* supernode
I1 0 a 5
R1 a 0 4
R2 b 0 6
R3 a b 5
V1 a b 10
.control
op
print v(a) v(b) i(v1)
.endc
.end
```

16, 6, −1 రావాలి. స్పైస్‌లో i(v1) అంటే ప్లస్ నోడ్ నుంచి సోర్స్ గుండా మైనస్ నోడ్‌కు వెళ్లే కరెంట్, మనం I కి ఎంచుకున్న దిశే. R3 లైన్ తీసేస్తే చివరిది +1 అవుతుంది. అదే a, b ల మధ్య 12 వోల్టుల ఇంకో సోర్స్‌ను పారలల్‌గా పెడితే జవాబు రాదు. Va − Vb ఒకేసారి 10, 12 కాలేదు. కాగితం మీద ఎంత తిప్పినా అక్కడ సూపర్‌నోడ్ పనిచేయదు, సర్క్యూటే చెల్లదు.